పాలు పడని కాన్పు, ఆగిపోయిన నెలసరి: ఫైనల్ ఇయర్ విద్యార్థులు ఈ కేసు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సెకండరీ ఎమెనోరియా కేసు అనగానే చాలామంది విద్యార్థులు పుస్తకంలోని కారణాల పట్టీని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. ఎదురుగా మంచం మీద ఉన్న మనిషికి ఆ పట్టీలో ఏది సరిపోతుందో అడిగితే మాత్రం నోరు పెగలదు. కర్నూలులో క్లినిక్స్‌కి వచ్చే పిల్లలతో నేను ఎక్కువసార్లు చర్చించిన కేసు ఇది. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ప్రశ్నలు మాత్రం పిల్లలు అడిగినవే.

ముందు కేసు ఏమిటో చెప్పండి మేడమ్.

ఆమెకు 32 ఏళ్లు. ఆదోని వైపు పల్లె. పత్తి చేలల్లో కూలి, ఎండాకాలం ముందు గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస. ముగ్గురు పిల్లలు. మూడో కాన్పు అయ్యి నాలుగేళ్లు. అప్పటి నుంచి నెలసరి లేదు. కొన్నేళ్లుగా నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఈ మధ్య ఆరు నెలల్లో రెండుసార్లు వాంతులతో పడిపోయి సెలైన్ ఎక్కించుకుంది. ఆమె తెచ్చిన ప్లాస్టిక్ కవరులో బయట చేయించిన రిపోర్టులు మూడు ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.4, థైరాయిడ్ అని రాసి టీఎస్‌హెచ్ ఒక్కటే 3.4, స్కానింగ్‌లో గర్భాశయం చిన్నది, లోపలి పొర పలుచన. వాటితో పాటు ఐరన్ మాత్రల ఖాళీ అట్టలు ఓ డజను ఉంటాయి.

ప్రధాన ఫిర్యాదు దగ్గర "నాలుగేళ్లుగా ఎమెనోరియా" అని రాస్తే సరిపోదా?

ఆమె ఆ మాట చెప్పలేదు కదా! "సత్తువ ల్యా మేడం, ఈసారి మిరపకాయలకి గూడా పోల్యాకపోతిని" అంది. నెలసరి సంగతి మీరు అడిగితే బయటికి వచ్చింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "రాకపోతే మంచిదే గదా, కూలిపనికి పోయేటోళ్లకి" అంది. కాబట్టి ఆమె మాటను ముందు, మీరు రాబట్టినదాన్ని తర్వాత రాయండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. నీరసం మొదటి వరుసలో ఉంటే ఎగ్జామినర్ కూడా, మీరూ కూడా అండాశయం దగ్గర ఆగిపోకుండా ఒళ్లంతా ఆలోచిస్తారు. ఎమెనోరియా అని మొదలుపెడితే ఆలోచన పొత్తికడుపు దాటదు.

నిర్వచనం అడుగుతారు గనుక అదీ చెప్పుకుందాం. ముందు క్రమంగా నెలసరి వస్తున్న స్త్రీకి మూడు నెలలు, క్రమం తప్పి వస్తున్న స్త్రీకి ఆరు నెలలు రాకపోతే సెకండరీ ఎమెనోరియా అంటాం.

నాలుగేళ్లు రాలేదంటున్నా ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయాలా?

చేయాలి. ట్యూబెక్టమీ అయినా చేయాలి. ముప్పై రూపాయల పనికి వాదన ఎందుకు? చేశాం, నెగటివ్.

చరిత్రలో అసలు మలుపు ఎక్కడ ఉంది?

కాన్పు దగ్గర. మన పిల్లలు "త్రీ నార్మల్ డెలివరీస్" అని ఒక ముక్కలో తేల్చేస్తారు. ఈ కేసులో ఆ ఒక్క ముక్కలోనే రోగం మొత్తం దాగి ఉంది. కాన్పును గంటల వారీగా అడగాలి. బిడ్డ ఎప్పుడు బయటపడింది, మాయ ఎప్పుడు పడింది, రక్తం ఎంత పోయింది, ఎంత ఎక్కించారు, తెలివి ఉందా లేదా అని.

ఆమె అత్త చెప్పింది: బిడ్డ ఇంట్లోనే పుట్టింది, తెల్లవారుజామున. మాయ పడలేదు. 108 వచ్చేసరికి గోనెసంచి తడిసిపోయింది. ఆస్పత్రిలో మాయను చేత్తో తీశారు. ఐదు సీసాల రక్తం ఎక్కించారు. "ఒక పగలంతా మనిషి మనిషిగా ల్యా" అంది. అంటే కాన్పు తర్వాత భారీ రక్తస్రావం, షాక్. రక్తం ఎంత పోయిందో మిల్లీలీటర్లలో ఎవరూ కొలవరు. కానీ ఎన్ని సీసాలు ఎక్కించారో, ఎంతసేపు తెలివి లేదో ఇంట్లోవాళ్లు మర్చిపోరు.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే.

"ఏమ్మా, బిడ్డకి పాలు పడినాయా?"

"పడల్యా మేడం. ఒక్క చుక్క గూడా రాల్యా. డబ్బా పాలే పోసినాం. పెద్దోళ్లిద్దరికీ రెండేండ్లు ఇచ్చినా."

మొదటి ఇద్దరికీ రెండేళ్ల చొప్పున పాలిచ్చిన తల్లికి మూడో బిడ్డకు ఒక్క చుక్క పడలేదంటే, ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలు ఆ పగలే పోయాయి. తక్కువ తిన్నందుకో, దిగులు పెట్టుకున్నందుకో పాలు తగ్గవచ్చు. రొమ్ములు ఒక్కరోజు కూడా బిగువెక్కకపోవడం వేరే సంగతి. అందుకే "పాలు తక్కువ పడ్డాయా" అని కాదు, "రొమ్ములు గట్టిపడి నొప్పి పుట్టాయా" అని అడగండి. జవాబు స్పష్టంగా వస్తుంది.

అన్నట్టు, మొదటి ఏడాది ఎవరూ అనుమానించకపోవడానికి కారణం కూడా ఇదే ప్రశ్న అడగకపోవడం. "బాలింత కదా, పాలిస్తుంటే నెలసరి రాదులే" అని ఊళ్లో అన్నారు, మందులిచ్చినవాళ్లూ అన్నారు. ఆమె పాలివ్వడం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంట్లోవాళ్లు "పిల్లలు కాకుండా ఆపరేషన్ చేసినప్పటి నుంచీ ఇంతే" అంటున్నారు. దాన్ని ఎలా తీసుకోవాలి?

ఆ మాట మన రాయలసీమ వార్డుల్లో రోజూ వినపడేదే. కొట్టిపారేయకుండా తేదీలు అడగండి. ఈమెకు ట్యూబెక్టమీ అయింది కాన్పు తర్వాత 14 నెలలకు. అప్పటికే నెలసరి లేదు, పాలు లేవు, ఒంట్లో సత్తువ లేదు. ఆపరేషన్‌లో నాళాలు మూస్తారు, అండాశయాలను ముట్టుకోరు. హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. కాబట్టి ఆపరేషన్ కారణం కాదు.

కానీ ఆ మాటలో ఒక నిజం కూడా ఉంది. ఆపరేషన్ రోజు ఆమెకు బీపీ పడిపోయి, మిగతావాళ్లు సాయంత్రానికే ఇళ్లకు వెళ్తే ఈమె మూడు రోజులు మంచం దిగలేదట. ఒంటికి ఒత్తిడి వచ్చినప్పుడు కార్టిసాల్ పెరగాలి. పెరగకపోతే ఇలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్లు కారణం తప్పు చెప్పారు గానీ చూసింది నిజమే చూశారు.

మాయను చేత్తో తీశారు కదా. ఆషర్మన్ సిండ్రోమ్ ఎందుకు కాకూడదు?

ఇది మంచి ప్రశ్న. దీన్ని అడిగిన విద్యార్థికి నేను మార్కులు వేస్తాను. ఒకే కాన్పు, ఒకే రక్తస్రావం. దాని నుంచి రెండు దారులు చీలతాయి. మాయను తీసేటప్పుడు గానీ తర్వాత క్యూరెటాజ్ చేసేటప్పుడు గానీ గర్భాశయం లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుంటే ఆషర్మన్. షాక్ వల్ల పిట్యూటరీ చచ్చిపోతే షీహాన్ సిండ్రోమ్. రెండింటిలోనూ కాన్పు తర్వాత నెలసరి రాదు.

తేడా ఒంట్లో కనిపిస్తుంది. ఆషర్మన్‌లో పాడైంది గర్భాశయం ఒక్కటే. పిట్యూటరీ, అండాశయాలు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. కాబట్టి పాలు పడతాయి, ఒంట్లో సత్తువ ఉంటుంది, చంకలో వెంట్రుకలు ఉంటాయి, కొందరికి నెలనెలా కడుపునొప్పి వస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ మామూలుగా ఉంటాయి. ఈమెలో ఇవేవీ లేవు. గర్భాశయ క్షయ కూడా మన దగ్గర తలచుకోవాల్సిందే, అదీ లోపలి పొరనే పాడుచేస్తుంది గనుక ఇదే తర్కం దానికీ పనికొస్తుంది.

అయితే ఒక చిక్కు మిగిలి ఉంది. ఒకే మనిషిలో రెండూ ఉండకూడదని నియమం ఏమీ లేదు. దాని సంగతి చివర్లో తేలుతుంది.

శరీర పరీక్షలో ఏం చూడాలి?

చంకలు చూడండి. చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. ఈమె చంకల్లో, జననాంగం దగ్గర వెంట్రుకలు దాదాపు లేవు. "నాలుగేండ్ల కింద ఉండె" అంది. స్త్రీలలో ఆ వెంట్రుకలు నిలవడానికి అడ్రినల్ నుంచి వచ్చే ఆండ్రోజెన్లు కావాలి. ఏసీటీహెచ్ లేకపోతే అవి తగ్గిపోతాయి.

ఆ తర్వాత చర్మం. పొడిగా, పలుచగా, కళ్ల చుట్టూ సన్నని ముడతలతో ఉంది. ముఖ్యంగా పాలిపోయి ఉంది. అడ్రినల్ గ్రంథే పాడైన ఆడిసన్ వ్యాధిలో ఏసీటీహెచ్ పెరిగి చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడతాయి. పిట్యూటరీ పాడైతే ఏసీటీహెచ్ ఉండదు గనుక నలుపు రాదు. ఎండలో పనిచేసే మనిషి ఇంత పాలిపోయి ఉండటమే ఒక గుర్తు. బీపీ పడుకున్నప్పుడు 92/60, నిలబడితే పై అంకె 76. మడమ దగ్గర సుత్తితో కొడితే పాదం తిరిగి వెనక్కి రావడం నెమ్మదిగా ఉంది, అది హైపోథైరాయిడ్ గుర్తు. రొమ్ములు కుంచించుకున్నాయి, నొక్కితే పాలు లేవు. తలనొప్పి లేదు, చూపు పక్కలకు తగ్గలేదు.

ఇప్పుడు హార్మోన్లు. అన్నీ ఒకేసారి రాసి పంపేయొచ్చా?

పంపొచ్చు, కానీ ఒక్కొక్కదాని పక్కన ఏ రిపోర్టు వస్తుందని మీరు అనుకుంటున్నారో పెన్సిల్‌తో ముందే రాసుకోండి. అప్పుడే మీరు ఆలోచించి పంపినట్టు. ఈమెలో నా అంచనా: పిట్యూటరీ ఇచ్చేవన్నీ తక్కువ, వాటి మాట వినే గ్రంథులు ఇచ్చేవీ తక్కువ.

రక్తం ఉదయం ఎనిమిది గంటలకు తీయాలి. కార్టిసాల్ ఆ సమయంలోనే బాగా ఉండాలి గనుక, అప్పుడే తక్కువ ఉంటే అర్థం ఉంటుంది. మధ్యాహ్నం ఓపీ అయ్యాక తీసిన కార్టిసాల్ తక్కువ వస్తే ఏమీ చెప్పలేం. ఇంకో సంగతి, గత రెండు నెలల్లో "నెలసరి మాత్రలు" ఏమైనా వాడిందా అడగాలి. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ రక్తంలో కార్టిసాల్‌ను మోసే ప్రోటీన్‌ను పెంచుతుంది, దాంతో కార్టిసాల్ లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. అవే మాత్రలు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను అణిచేస్తాయి కూడా. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడితే అదీ కొన్ని రకాల పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది.

వచ్చిన రిపోర్టులు ఇవి. ఎఫ్‌ఎస్‌హెచ్ 2.8, ఎల్‌హెచ్ 1.2, ఈస్ట్రడయాల్ 12 పికోగ్రాములు. ప్రొలాక్టిన్ 1.6 నానోగ్రాములు, మా ల్యాబ్‌లో కనీసం 5 ఉండాలి. టీఎస్‌హెచ్ 3.1, ఫ్రీ టీ4 0.42, కనీసం 0.8 ఉండాలి. ఉదయం కార్టిసాల్ 2.1 మైక్రోగ్రాములు. సోడియం 122, పొటాషియం 4.2.

ఎఫ్‌ఎస్‌హెచ్ 2.8 అంటే ల్యాబ్ వాళ్లు నార్మల్ అని ముద్రించారు. దీన్ని తక్కువ అంటారేమిటి?

ఈ కేసు నేర్పేదంతా ఈ ప్రశ్నలోనే ఉంది, కాస్త నిదానంగా చూద్దాం.

పిట్యూటరీ హార్మోన్‌ను ఒంటరిగా చదవకూడదు. దానికి జంట హార్మోన్ ఒకటి ఉంటుంది, దాని పక్కన పెట్టి చదవాలి. ఎఫ్‌ఎస్‌హెచ్‌కు జంట ఈస్ట్రడయాల్. అండాశయం ఈస్ట్రడయాల్ ఇవ్వకపోతే పిట్యూటరీ ఊరుకోదు, ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పెంచుతుంది. మెనోపాజ్ దాటిన స్త్రీలో చూడండి, ఈస్ట్రడయాల్ అడుగంటితే ఎఫ్‌ఎస్‌హెచ్ నలభై, అరవై దాకా ఎగబాకుతుంది. ఈమెకు ఈస్ట్రడయాల్ 12, దాదాపు మెనోపాజ్ అంత తక్కువ. అలాంటప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్ 2.8 ఉందంటే, ఇంటికి నిప్పంటుకున్నా కాపలాదారు గురక పెట్టి నిద్రపోతున్నట్టు. ల్యాబ్ కాగితం మీద ఉన్న పరిధి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క. మన ప్రశ్న వేరు: ఈ ఈస్ట్రడయాల్‌కు ఈ ఎఫ్‌ఎస్‌హెచ్ సరిపోతుందా?

తేడా ఒక్క అంకెతో తేలిపోతుంది. అదే ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటి ఉంటే అండాశయాలు ముందే ఆగిపోయాయని, పిట్యూటరీ బాగుందని అర్థం. అప్పుడు కథ వేరే దారి పట్టేది. ఇక్కడ లోపం పైన ఉంది.

పాలిసిస్టిక్ ఓవరీ గురించి ఒక్క మాట. మీ బ్యాచ్‌లో సగం మంది మొదటి రోగనిర్ధారణ అదే రాశారు. పీసీఓఎస్‌లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, ఆండ్రోజెన్ ఎక్కువగా ఉంటుంది. అవాంఛిత రోమాలు వస్తాయి గానీ చంకలో ఉన్నవి రాలిపోవు.

టీఎస్‌హెచ్ నార్మల్ అయితే థైరాయిడ్ బాగున్నట్టే కదా?

ఇదే తర్కం, ఇదే తప్పు. బయట ఆమెకు టీఎస్‌హెచ్ ఒక్కటే చేసి "థైరాయిడ్ ఏమీ లేదమ్మా" అని పంపారు. మొదట థైరాయిడ్ గ్రంథే పాడైనప్పుడు టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు, అది పెరిగి విషయం చెప్పేస్తుంది. పిట్యూటరీ పాడైనప్పుడు ఆ చెప్పాల్సిన నోరే పడిపోయింది. ఇలాంటివాళ్లలో టీఎస్‌హెచ్ తక్కువ ఉండొచ్చు, మామూలుగా ఉండొచ్చు, కొంచెం ఎక్కువ కూడా ఉండొచ్చు. ఎందుకంటే మిగిలిన కణాలు వదిలే టీఎస్‌హెచ్ పరీక్షలో లెక్కకు వస్తుంది గానీ థైరాయిడ్ మీద సరిగ్గా పనిచేయదు. ఫ్రీ టీ4 0.42 ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ ముప్పైకో యాభైకో పోవాలి. 3.1 దగ్గర కూర్చుందంటే అది నార్మల్ కాదు, అసమర్థత.

కాబట్టి పిట్యూటరీ అనుమానం ఉన్నచోట ఫ్రీ టీ4 లేకుండా టీఎస్‌హెచ్ పంపకండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుని ఉంటే ఈమె రెండేళ్ల ముందే దొరికేది.

ప్రొలాక్టిన్ తక్కువ రావడం కూడా పనికొస్తుందా? ఎక్కువ వస్తేనే కదా రోగం?

ఎమెనోరియాలో మనం మామూలుగా వెతికేది ఎక్కువ ప్రొలాక్టిన్‌నే. కణితి వల్ల పెరుగుతుంది, మందుల వల్లా పెరుగుతుంది. గ్యాస్‌కని ఇచ్చే మాత్రల్లో లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్ ఉంటాయి, అవీ పెంచుతాయి. అందుకే మందుల అట్టలు తెప్పించి చూడమంటాను. ఈమెలో 1.6 రావడం "పాలు పడల్యా" అన్న మాటకు ల్యాబ్ వేసిన సంతకం.

ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు బాగుంటోందని చెప్పింది. అది కేసు షీటులో రాయాలా?

తప్పకుండా రాయాలి. నా లెక్కలో పాలు పడని సంగతి తర్వాత ఈ కేసులో రెండో విలువైన మాట అదే.

ఊళ్లో నీరసానికి, జ్వరానికి, నొప్పులకు వేసే ఇంజెక్షన్లలో డెక్సామెథసోన్ తరచుగా ఉంటుంది. అది స్టెరాయిడ్. కార్టిసాల్ లేని మనిషికి స్టెరాయిడ్ పడితే లేచి కూర్చుంటుంది, ఆకలి వేస్తుంది, వంట చేసుకుంటుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ మంచం. "ఆయప్ప సూది ఏస్తే దేవుడే వచ్చినట్లుంటాది" అని ఆమె అన్నది అందుకే. తెలియకుండానే ఆయన రోగనిర్ధారణ పరీక్ష చేశాడు.

కానీ అదే ఇంజెక్షన్ మన లెక్కను చెడగొట్టగలదు. మళ్లీ మళ్లీ స్టెరాయిడ్ వేస్తే ఏసీటీహెచ్ దానంతటదే అణిగి, ఉదయం కార్టిసాల్ తక్కువ వస్తుంది. పిట్యూటరీ బాగున్నా వస్తుంది. కాబట్టి చివరి సూది ఎప్పుడు వేశారో, నెలకు ఎన్ని వేశారో అడగాలి. ఈమెకు మూడు వారాల ముందు ఒకటి, అంతకుముందు రెండు మూడు నెలలకోసారి. దానికే కార్టిసాల్ 2.1కి పడదు. పైగా స్టెరాయిడ్ సూదులు పాలు ఎండబెట్టి, చంక వెంట్రుకలు రాల్చి, ఫ్రీ టీ4ను సగానికి తెచ్చాయని ఎవరూ వాదించలేరు.

అంకెల సంగతికొస్తే, ఉదయం కార్టిసాల్ 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే, ఇంకే పరీక్షా అక్కర్లేదు. 15 నుంచి 18 దాటితే లోపం లేనట్టే. మధ్యలో వస్తే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి కార్టిసాల్ ఎంత పెరుగుతుందో చూస్తాం. కాన్పైన కొత్తలో, అంటే మొదటి కొన్ని వారాల్లో, ఈ పరీక్ష నమ్మదగింది కాదు. అడ్రినల్ ఇంకా ఎండిపోలేదు గనుక ఇంజెక్షన్‌కు జవాబిస్తుంది. నాలుగేళ్ల తర్వాత ఆ భయం లేదు.

సోడియం 122, పొటాషియం మామూలు. ఇదెలా?

పొటాషియంను చూసుకునే ఆల్డోస్టెరాన్ పిట్యూటరీ మాట వినదు, రెనిన్ మాట వింటుంది. అది బాగానే ఉంది. కార్టిసాల్ లేకపోతే, థైరాక్సిన్ లేకపోతే ఏడీహెచ్ ఎక్కువై శరీరం నీటిని వదలదు, ఆ నీటిలో సోడియం పలుచబడుతుంది. ఆడిసన్ వ్యాధిలోనైతే పొటాషియం పెరుగుతుంది. పరీక్షలో ఈ తేడా అడగని ఎగ్జామినర్‌ను నేను చూడలేదు.

కాన్పులో రక్తం పోతే పిట్యూటరీయే ఎందుకు చచ్చిపోతుంది? మెదడు, కిడ్నీ ఎందుకు బాగుంటాయి?

గర్భంలో పాల కోసం ప్రొలాక్టిన్ కణాలు పెరిగి పిట్యూటరీ లావెక్కుతుంది. అది కూర్చున్న ఎముక గుంట మాత్రం పెరగదు. పైగా ముందు భాగానికి రక్తం ఎక్కువగా హైపోథాలమస్ నుంచి దిగే పోర్టల్ సిరల ద్వారా వస్తుంది, అందులో ఒత్తిడి తక్కువ. లావెక్కిన గ్రంథికి ఎక్కువ రక్తం కావాల్సిన సమయంలోనే బీపీ పడిపోతే ముందుగా ఎండేది అదే. వెనుక భాగానికి సొంత ధమనులు ఉన్నాయి గనుక డయాబెటిస్ ఇన్సిపిడస్ అరుదు. హెరాల్డ్ షీహాన్ అనే ఇంగ్లండ్ పాథాలజిస్టు 1937లో దీన్ని వర్ణించాడు, అందుకే ఆ పేరు.

ఎంఆర్‌ఐ లేకుండా చెప్పలేమా?

చరిత్ర, హార్మోన్లు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఎంఆర్‌ఐ నిర్ధారణకు కాదు, వేరేది లేదని చూసుకోవడానికి. కాన్పు అటూ ఇటూ వచ్చే లింఫోసైటిక్ హైపోఫైసిటిస్‌లో రక్తస్రావం ఉండదు, తలనొప్పి ఉంటుంది, గ్రంథి ఉబ్బి కనిపిస్తుంది. ఈమెలో గుంట దాదాపు ఖాళీగా, నీటితో నిండి, అడుగున పొరలాంటి గ్రంథి ఉంది. ఎమ్టీ సెల్లా.

చికిత్సలో థైరాక్సిన్ ముందా, స్టెరాయిడ్ ముందా?

స్టెరాయిడ్. ఈమె కేసు షీటులో ఇంటర్న్ మొదట "థైరాక్సిన్ 50" అని రాశాడు, పీజీ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన "హైడ్రోకార్టిసోన్" అని రాసింది. ఆ ఎర్ర గీతను నేను ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తాను. థైరాక్సిన్ ఇస్తే ఒంట్లో పని వేగం పెరుగుతుంది, ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చైపోతుంది. అలా అడ్రినల్ క్రైసిస్‌లోకి నెట్టేస్తాం. వాంతులు, బీపీ పడిపోవడం, షుగర్ పడిపోవడం, అవసరమైతే ఐసీయూ.

ఈమెకు హైడ్రోకార్టిసోన్ ఉదయం 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. కొన్ని రోజుల తర్వాత థైరాక్సిన్ 25తో మొదలు. మోతాదు సరిచూడటానికి టీఎస్‌హెచ్ పంపకండి, అది ఎప్పటికీ నిజం చెప్పదు. ఫ్రీ టీ4 నార్మల్ పరిధిలో పై సగంలోకి రావాలి.

సోడియం దగ్గర ఒక గుంత ఉంది. స్టెరాయిడ్ పడగానే ఏడీహెచ్ తగ్గి, మూత్రం ఒక్కసారిగా ధారగా పోతుంది. సోడియం దానంతటదే పరుగెత్తుతుంది. మనం పక్కన హైపర్‌టానిక్ సెలైన్ కూడా ఎక్కిస్తే 24 గంటల్లో 8 నుంచి 10 దాటి పెరిగి మెదడుకు ప్రమాదం. మొదటి రోజు ఆరు గంటలకోసారి సోడియం చూడండి, మూత్రం సంచి మీద కన్నేసి ఉంచండి.

ఇంటికి పంపేటప్పుడు ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాం: జ్వరం వస్తే మాత్ర రెట్టింపు, వాంతులైతే ఆగకుండా ఆస్పత్రికి వచ్చి హైడ్రోకార్టిసోన్ 100 సూది, మాత్ర ఏ రోజూ మానకూడదు. అత్తకు చదివించి, తిరిగి చెప్పించాం. వలస వెళ్తే అట్ట కూడా మూటలో పెట్టుకోమన్నాం.

పిల్లలు వద్దనుకున్నవాళ్లకి నెలసరి తెప్పించడం అవసరమా?

నెలసరి కోసం కాదు, ఈస్ట్రోజెన్ కోసం. 32 ఏళ్లకే అది లేకపోతే ఎముకలు గుల్లబారతాయి, యోని పొడిబారి సంసారం బాధగా మారుతుంది. గర్భాశయం ఉంది గనుక ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇస్తాం, మామూలు మెనోపాజ్ వయసు దాకా. పిల్లలు కావాలనుకునేవారికైతే క్లోమిఫెన్ పనికిరాదు. అది పిట్యూటరీని తట్టి లేపే మందు, ఇక్కడ లేవడానికి పిట్యూటరీ లేదు. నేరుగా గొనడోట్రోపిన్ ఇంజెక్షన్లు కావాలి.

ఈ మాత్రలు మొదలుపెట్టాకే ముందు వదిలేసిన ఆషర్మన్ ప్రశ్న తేలింది. అంతకుముందు బయట ఎవరో మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ 10 మిల్లీగ్రాములు పది రోజులు ఇస్తే నెలసరి రాలేదు. ఈస్ట్రోజెన్ లేక పొరే పెరగలేదు గనుక రాదు. దాన్ని బట్టి గర్భాశయం మంచిదో చెడ్డదో చెప్పలేం. ఇప్పుడు ఈస్ట్రోజెన్ ఇచ్చి, ప్రొజెస్టెరాన్ జోడించి, రెండో నెల మాత్రలు ఆపిన నాలుగో రోజు రక్తస్రావం కనిపించింది, మూడు రోజులు మామూలుగా అయింది. గోడలు అతుక్కుని ఉంటే ఇలా వచ్చేది కాదు.

ఓపీకి వచ్చి, గొంతు తగ్గించి, "మళ్లా మొదలైంది మేడం" అంది. కొంచెం విసుగ్గానే అంది. చంక చూపించమంటే ఇంకా ఏమీ రాలేదు, వస్తాయని కూడా నేను చెప్పలేదు. సోడియం 137. మిరపకాయల కోత ఎప్పుడు మొదలవుతుందో అడిగి, మూడు నెలలకు సరిపడా మాత్రలు రాయించుకుని పోయింది.